“నీళ్ల వల్ల పాడైతే కవర్ అవుతుందా?”: ఏం జరిగిందో చెప్పకుండా పంపిన ఇంటి బీమా పాలసీని పరిశీలించే విధానం

విశాఖపట్నంలో ఇంటి బీమా పాలసీలు చదివి సలహా చెప్పేవారికి తరచుగా ఎదురయ్యే పరిస్థితి ఇది. పాలసీ పీడీఎఫ్‌ను అప్‌లోడ్ చేసి, దాని కింద “నీళ్ల వల్ల పాడైతే కవర్ అవుతుందా?” అని ఒక్క వాక్యం రాసి పంపుతారు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎప్పుడు వచ్చాయో, ఏ వస్తువు పాడైందో, అసలు ఏదైనా జరిగిందో లేక ముందుచూపుతో అడుగుతున్నారో అందులో ఉండదు. ఇలాంటి ప్రశ్నకు “అవుతుంది” అన్నా “అవదు” అన్నా తప్పే. “వివరాలు చెప్తే గానీ చెప్పలేం” అని తిప్పి పంపడం కూడా సరైన పని కాదు, ఎందుకంటే ఆ పాలసీ చదివి చెప్పగలిగినది చాలా ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఒక పాలసీని దగ్గర పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

ఉదాహరణకు తీసుకున్నది భారత్ గృహ రక్ష పాలసీ. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇళ్ల కోసం రూపొందించి, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ప్రామాణిక పాలసీ ఇది. కంపెనీలు దీనికి అదనపు కవర్లు జోడించి అమ్ముతాయి, వేరే పేర్లతో సొంత పాలసీలూ అమ్ముతాయి. కాబట్టి ఇక్కడ చెప్పిన నియమాలు చదివేసి మీ ముందున్న పీడీఎఫ్‌ను తెరవకుండా జవాబు రాయకూడదు.

ఈ ప్రశ్నలో లోపించినది ఏమిటి

ఇంటి బీమా పాలసీ “ఏం పాడైంది” అనే దానికంటే ముందు “దేని వల్ల పాడైంది” అని చూస్తుంది. అందులో కొన్ని ప్రమాదాల పేర్లు వరుసగా రాసి ఉంటాయి. నష్టం వాటిలో ఒకదాని వల్ల జరిగితేనే పాలసీ తలుపు తెరుచుకుంటుంది. ఆ జాబితాలో “నీళ్లు” అనే ప్రమాదం లేదు. తుపాను ఉంది, వరద ఉంది, ఇల్లు నీట మునగడం ఉంది, నీటి ట్యాంకులూ పైపులూ పగలడం లేదా పొంగిపొర్లడం ఉంది, మంటలార్పే ఆటోమేటిక్ స్ప్రింక్లర్ల నుంచి నీళ్లు కారడం ఉంది. శ్లాబులోంచి ఏళ్ల తరబడి దిగే చెమ్మ మాత్రం అందులో లేదు. చివరికి పడక గదిలో తడిసిన గోడ అన్ని సందర్భాల్లోనూ ఒకేలా కనిపిస్తుంది. ఫోటో చూసినా తేడా తెలియకపోవచ్చు. కానీ పాలసీ దృష్టిలో అవి వేర్వేరు సంఘటనలు, కొన్ని అసలు సంఘటనలే కావు.

కాబట్టి ప్రశ్న రాగానే దాన్ని మూడు ముక్కలుగా విడదీసి కాగితం మీద రాసుకోవాలి: పాడైన వస్తువు, పాడవడానికి కారణం, పాడైన తేదీ. పై ప్రశ్నలో కారణం గురించి “నీళ్లు” అనే సగం మాట ఒక్కటే ఉంది, మిగతా రెండూ లేవు. ఆ ఖాళీలను మీ ఊహతో నింపకూడదు. విశాఖలో అక్టోబరు, నవంబరు నెలల్లో ప్రశ్న వస్తే మనసు వెంటనే తుపాను మీదికి పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం దగ్గరే తీరం దాటిన సంగతి ఇక్కడివారెవరూ మరచిపోలేదు కనుక అది సహజమే. అయినా అడిగినవారి ఇంట్లో పగిలింది బాత్రూం పైపు అయి ఉండవచ్చు.

మొదట చూడవలసింది: పంపినది పూర్తి పాలసీయేనా

కవరేజీ వెతకడానికి ముందు పీడీఎఫ్‌లో ఏముందో తేల్చుకోవాలి. చాలామంది పంపేది రెండు మూడు పేజీల షెడ్యూల్ ఒక్కటే. షెడ్యూల్‌లో పేరు, చిరునామా, కాలపరిమితి, బీమా మొత్తం ఉంటాయి గానీ ప్రమాదాల వివరణలూ మినహాయింపులూ పాలసీ వర్డింగ్ అనే విడి భాగంలో ఉంటాయి. పేజీల అడుగున ఉండే సంఖ్యలు చూస్తే మధ్యలో పేజీలు జారిపోయాయో లేదో తెలుస్తుంది. ఫోన్‌తో ఫోటోలు తీసి పీడీఎఫ్‌గా మార్చి పంపినప్పుడు ఇలా జారిపోవడం మామూలే. అలాంటి ఫైలులో అక్షరాలు బొమ్మలుగా ఉంటాయి కాబట్టి వెతుకులాట పెట్టెలో మాట కొట్టి “దొరకలేదు, కనుక లేదు” అనుకోకూడదు. కళ్లతో చదవాల్సిందే.

కొన్నిసార్లు వచ్చేది పాలసీ కూడా కాదు. ప్రపోజల్ ఫారమో, ప్రీమియం కొటేషనో, రెన్యువల్ నోటీసో వస్తుంది. వాటిని బట్టి కవరేజీ చెప్పలేం. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, పాలసీ షెడ్యూలూ వర్డింగూ రెండూ పంపమని అడగడం.

షెడ్యూల్ చేతిలో ఉంటే దాన్నుంచి నాలుగు సంగతులు రాసుకోవాలి. బీమా చేసిన ఇంటి చిరునామా, ఎందుకంటే ఉత్తరాల కోసం ఇచ్చిన చిరునామా వేరుగా ఉండవచ్చు. బీమా మొదలయ్యే, ముగిసే తేదీలు. బీమా చేసింది కట్టడానికా, ఇంట్లోని సామగ్రికా, రెండింటికా అన్నది. చివరిగా, పాలసీ షరతులను మారుస్తూ దానికి జత చేసిన ఎండార్స్‌మెంట్లూ అదనపు కవర్లూ.

వీటిలో మూడోది ఎక్కువ మందిని దెబ్బతీస్తుంది. ఇంటి అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకు ద్వారా చేయించిన పాలసీల్లో చాలాసార్లు కట్టడానికి మాత్రమే బీమా ఉంటుంది, సామగ్రికి ఉండదు. యజమానికి మాత్రం “ఇంటికి బీమా ఉంది” అన్నంత వరకే గుర్తుంటుంది. అలాంటి పాలసీలో బ్యాంకుకు హక్కు కల్పించే క్లాజు కూడా ఉంటుంది కాబట్టి, క్లెయిమ్ ఆమోదం పొందినా డబ్బు ముందుగా ఎవరి చేతికి వెళ్తుందో షెడ్యూల్ చూసే చెప్పాలి.

పాలసీలో నీళ్లు వచ్చే దారులన్నీ వెతకడం

ఇప్పుడు వర్డింగ్‌లో ప్రమాదాల పట్టిక తెరవండి. భారత్ గృహ రక్షలో ఈ పట్టికకు ఒక సౌకర్యం ఉంది. ఎడమ గడిలో ప్రమాదం పేరు, దాని పక్క గడిలో ఆ ప్రమాదానికి మాత్రమే వర్తించే మినహాయింపు ఉంటాయి. రెండు గడులూ కలిపి చదవాలి. ఎడమ గడి మాత్రమే చదివి జవాబు రాయడం ఈ పనిలో జరిగే పొరపాట్లలో చాలా సాధారణమైనది.

నీళ్లకు సంబంధించిన ప్రతి ప్రమాదాన్నీ పేజీ సంఖ్యతో సహా విడిగా రాసుకుని, ఒక్కొక్కదానికి ఎదురుగా “ఇది వర్తించాలంటే ఏం జరిగి ఉండాలి” అని ఒక వాక్యం రాయాలి. తుపాను, వరద, నీట మునక అనే సమూహం వర్తించాలంటే నీళ్లు ప్రకృతి సంఘటన నుంచి వచ్చి ఉండాలి. తుపాను విషయంలో వాతావరణ శాఖ ప్రకటనలు, నష్టం జరిగిన రోజు ఫోటోలు దానికి ఆధారాలవుతాయి. పైపులు, ట్యాంకుల ప్రమాదం వర్తించాలంటే ఏదో ఒకటి పగిలి ఉండాలి, లేదా పొంగిపొర్లి ఉండాలి. మేడ మీది ట్యాంకు నిండిపోయి మోటారు ఆపకపోవడం వల్ల నీళ్లు మెట్ల మీదుగా ఇంట్లోకి రావడం ఇందులోకి వస్తుంది. స్ప్రింక్లర్లు మామూలు ఫ్లాట్లలో తక్కువ కాబట్టి, అపార్ట్‌మెంటులో ఆ ఏర్పాటు ఉంటే తప్ప దాని మీద సమయం పెట్టనక్కరలేదు.

ఆ తర్వాత ఎక్కడా ఇమడని నీళ్లను కూడా రాసుకోవాలి. ఈ జాబితాయే ఎక్కువ ఉపయోగపడుతుంది. శ్లాబు బీటల్లోంచి నెమ్మదిగా దిగే చెమ్మ, బాత్రూం టైళ్ల సందుల్లోంచి పక్క గోడకు పాకే తడి, సముద్రపు గాలికి తుప్పుపట్టిన కిటికీ చట్రం పక్కనుంచి ఏటా లోపలికి వచ్చే వాన. వీటికి ఒక రోజు, ఒక గంట అంటూ ఉండదు. అరుగుదల, నిర్వహణ లోపం కింద కంపెనీలు వీటిని తిరస్కరిస్తాయి. పాలసీలో ఆ కారణాలకు స్థానం లేదు కాబట్టి ఆ తిరస్కరణను ఎదిరించడం కష్టం.

రెండింటికీ మధ్యన తేలకుండా ఉండేవి కూడా ఉన్నాయి. తుపాను హెచ్చరిక ఏదీ లేని రోజు సాయంత్రం కురిసిన కుండపోత వానకు తెరిచి ఉన్న కిటికీలోంచి నీళ్లు వచ్చి సోఫా తడిసిందనుకుందాం. అది గాలివానా, మామూలు వానా? వీధిలో నీళ్లు నిలిచి గుమ్మం దాటి లోపలికి వస్తే నీట మునక అనడానికి వీలుంది. కిటికీలోంచి కొట్టిన జల్లుకు అలా అనడం కష్టం. ఇలాంటి చోట “వాదించడానికి అవకాశం ఉంది, కచ్చితంగా చెప్పలేం” అని రాయడమే నిజాయితీ గల జవాబు. అనుమానం ఉన్నచోట అనుమానాన్ని అలాగే చెప్పాలి తప్ప, అడిగినవారికి ధైర్యం చెప్పడం కోసం దాన్ని చెరపకూడదు.

ప్రమాదాల పట్టిక అయ్యాక సాధారణ మినహాయింపుల భాగం చదవాలి. నీళ్ల విషయంలో అక్కడ ఎదురయ్యే ముఖ్యమైనది విద్యుత్ పరికరాల గురించిన క్లాజు. షార్ట్ సర్క్యూట్ వల్ల, లేదా విద్యుత్తు లీకవడం వల్ల ఒక పరికరానికి జరిగే నష్టం, ఆ పరికరం వరకు, కవర్ కాదు. అంటే పైపు పగిలి నీళ్లు పడిన తర్వాత ఫ్రిజ్ పనిచేయకపోతే, అది నీళ్లలో నాని పాడైందా, షార్ట్ సర్క్యూట్‌తో కాలిపోయిందా అన్న ప్రశ్నను, నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ తప్పక అడుగుతారు. నగదు, చెక్కులు, సెక్యూరిటీ పత్రాలు, వాహనాలు కూడా విడిగా రాసి ఉంటే తప్ప కవర్ కావు. పార్కింగ్‌లో మునిగిన స్కూటరుకు ఇంటి పాలసీలో వెతకడం వృథా, దాని మోటారు పాలసీ తెరవాలి.

అడగవలసిన ప్రశ్నలూ వాటి వరుసా

ఇంత చదివాక అడిగినవారికి రాయడానికి సిద్ధమవుతారు. ఇక్కడ నేను గట్టిగా పాటించే నియమం ఒకటుంది. సంఘటన ఇప్పటికే జరిగి ఉండే అవకాశం ఉన్నప్పుడు, ఏ కారణమైతే కవర్ అవుతుందో విడమరిచి చెప్పడానికి ముందు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని తెరిచిన ప్రశ్నగా అడగాలి. “పైపు పగిలిందా? పగిలితే వస్తుంది” అని రాస్తే, అంతవరకు కారణం సరిగా తెలియనివారు కూడా పైపే పగిలిందని నమ్మడం మొదలుపెడతారు. తర్వాత సర్వేయర్ వచ్చి పైపు చూసి, పాత చెమ్మ మరకలు చూసి వేరే నిర్ణయానికి వస్తే, అడిగినవారి మాట మీదే అనుమానం పడుతుంది. వారికి మేలు చేయబోయి కీడు చేసినట్టవుతుంది.

ప్రశ్నలు మూడుకు మించకూడదు. ఇది జరిగిందా, లేక ముందుగా తెలుసుకోవడానికి అడుగుతున్నారా? జరిగితే, ఏ తేదీన మొదట గమనించారు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చినట్టు చూశారు? ఏయే వస్తువులు, ఇంట్లో ఏ భాగం తడిశాయి? పది ప్రశ్నల ఫారం పంపితే చాలామంది జవాబివ్వరు. పైగా ఈ మూడిటి జవాబులు వస్తే మిగతావి ఏవి అడగాలో వాటంతట అవే తేలుతాయి.

అయితే ప్రశ్నలు మాత్రమే పంపకూడదు. సంఘటన ఏదైనా సరే చెప్పగలిగినది మొదటి జవాబులోనే చెప్పాలి. మన ఉదాహరణలో ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు ఫ్లాటుకు చెందిన పాలసీ వచ్చిందనుకుందాం. షెడ్యూల్‌లో కట్టడానికి 40 లక్షల రూపాయల బీమా, సామగ్రికి కూడా కవర్, కాలపరిమితి 2025 జూన్ 10 నుంచి 2026 జూన్ 9 అర్ధరాత్రి వరకు అని ఉంది. అప్పుడు మొదటి జవాబు ఇలా ఉండవచ్చు:

“నమస్కారమండి. మీరు పంపిన పాలసీ పూర్తిగా చూశాను. ఇది 2026 జూన్ 9 వరకు అమల్లో ఉంది, కట్టడానికీ ఇంట్లోని సామగ్రికీ రెండింటికీ వర్తిస్తుంది. నీళ్ల వల్ల జరిగిన ప్రతి నష్టాన్నీ ఈ పాలసీ ఇవ్వదు, ఏ నష్టాన్నీ ఇవ్వదని కూడా కాదు. నీళ్లు ఎలా వచ్చాయన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకని ఇది జరిగిందా లేక ముందుగా అడుగుతున్నారా, జరిగితే ఎప్పుడు గమనించారు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఏమేమి తడిశాయి అన్నవి మీరు చూసింది చూసినట్టుగా రాయండి. ఒకవేళ ఇప్పటికే జరిగి ఉంటే, నా జవాబు కోసం ఆగకుండా ఈ రోజే కంపెనీకి తెలియజేయండి. తడిసిన చోటునూ, నీళ్లు వచ్చిన చోటునూ ఫోటోలు తీయండి. నష్టం ఇంకా పెరగకుండా నీళ్లు ఆపించండి, కానీ పాడైన వస్తువులనూ తీసేసిన పైపు ముక్కనూ సర్వేయర్ చూసేదాకా పారేయకండి.”

ఈ జవాబులో తేదీ ఉంది, దేనికి బీమా ఉందో ఉంది, ఎందుకు వెంటనే చెప్పలేమో ఉంది, ఆలస్యం చేస్తే పోయే పనులు ఉన్నాయి. కారణాల జాబితా మాత్రం లేదు. జరగలేదనీ, ముందుగా తెలుసుకోవడానికే అడిగామనీ వారు రాస్తే అప్పుడు ఆ జాబితా మొత్తం, పేజీ సంఖ్యలతో సహా, నిస్సంకోచంగా పంపవచ్చు.

వివరం వచ్చాక

పాలసీ పంపిన ఆ ఫ్లాటు యజమానురాలి నుంచి ఇలా జవాబు వచ్చిందనుకుందాం: “మొన్న ఆదివారం రాత్రి పై ఫ్లాటు వాళ్ల బాత్రూంలో గీజర్‌కి వెళ్లే పైపు పగిలిందండి. మా హాల్లో ఫాల్స్ సీలింగ్ ఊడిపడింది, గోడకు బిగించిన అల్మారా ఉబ్బిపోయింది, సోఫా తడిసింది, టీవీ ఆన్ అవట్లేదు.”

ఇప్పుడు పట్టిక దగ్గరికి తిరిగి వెళ్లాలి. పైపు పగిలింది, అది జాబితాలో ఉన్న ప్రమాదం. పగిలిన పైపు మీదే అయి ఉండాలని వర్డింగ్‌లో రాసి ఉందా? భారత్ గృహ రక్ష మూలపాఠంలో అలాంటి షరతు లేదు. కంపెనీ ఎండార్స్‌మెంట్ ఏదైనా ఆ షరతు పెట్టిందేమో చూసుకుంటే చాలు. తప్పు పై ఫ్లాటు వారిదైతే, కంపెనీ ఈవిడకు చెల్లించాక ఆ మొత్తాన్ని వారి దగ్గర రాబట్టుకోవడానికి ప్రయత్నించవచ్చు. కాబట్టి “మీ మీద ఏ బాధ్యతా లేదు” అని పై ఫ్లాటు వారికి కాగితం మీద రాసి ఇవ్వవద్దని ఆవిడకు ముందే చెప్పాలి. ఒకే మెట్లెక్కి దిగే ఇరుగుపొరుగు మధ్య అలాంటి కాగితం మొహమాటానికి తేలిగ్గా రాసిచ్చేస్తారు.

తర్వాత వస్తువులను ఒక్కొక్కటిగా వేరు చేయాలి. గోడకూ, నేలకూ, పైకప్పుకూ శాశ్వతంగా బిగించినవి కట్టడం కిందికి వస్తాయి, కదిపి తీసుకెళ్లగలిగేవి సామగ్రి కిందికి వస్తాయి. ఆ ప్రకారం ఫాల్స్ సీలింగ్, గోడకు బిగించిన అల్మారా కట్టడంలో భాగాలు, సోఫా, టీవీ సామగ్రి. కట్టడానికి మాత్రమే బీమా ఉన్న పాలసీ అయితే మొదటి రెండూ మిగిలేవి, తర్వాతి రెండూ పోయేవి. సామగ్రి బీమా మొత్తం విడిగా పేర్కొనకపోతే ఈ పాలసీలో కట్టడం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు తీసుకుంటారు. ఇక్కడ 40 లక్షలకు 20 శాతం 8 లక్షలు, కాబట్టి పరిమితి అదే. కట్టడం బీమా 60 లక్షలైతే లెక్క 12 లక్షలు వచ్చినా 10 దగ్గరే ఆగుతుంది.

టీవీ దగ్గర జాగ్రత్త పడాలి. ముందు చెప్పిన విద్యుత్ మినహాయింపు ఇక్కడే అడ్డు వస్తుంది. నీళ్లు నేరుగా టీవీలోకి దిగాయా, ఇంటి వైరింగ్‌లో షార్ట్ సర్క్యూట్ జరిగి అది కాలిపోయిందా అన్నది సర్వీస్ సెంటర్ వారు తెరిచి చూసి రాసిచ్చే నివేదికతో తేలాలి. కాబట్టి మీ జవాబులో సోఫా, సీలింగ్, అల్మారాలకు “పాలసీ ప్రకారం వర్తిస్తుంది, పైపు పగిలినట్టు ఆధారం కావాలి” అనీ, టీవీకి “కారణం తేలేదాకా చెప్పలేం, తెరిపించే ముందు సర్వేయర్‌కు చూపించండి” అనీ విడివిడిగా రాయాలి. నాలుగిటికీ కలిపి ఒకే మాట రాస్తే, టీవీ తిరస్కరణకు గురైన రోజున మిగతా మూడిటి మీద మీరు చెప్పిన మాటకు కూడా విలువ ఉండదు.

ఇదే ఆవిడ “జూన్ నుంచి హాల్లో మరక పెరుగుతోందండి, పైవాళ్ల బాత్రూం కింద ఎప్పుడూ తడిగానే ఉంటుంది” అని రాసి ఉంటే జవాబు మారిపోయేది. అప్పుడు పగిలిందని చెప్పడానికి ఒక రోజు లేదు. ఆ చెమ్మకు ఈ పాలసీలో దారి కనిపించడం లేదని సూటిగా రాయాలి. దానితోపాటు ప్లంబర్ గోడ తెరిచినప్పుడు నిజంగా చిట్లిన పైపు బయటపడితే, ఫోటోతో సహా మళ్లీ రాయమని చెప్పాలి. గోడలో కనపడకుండా ఉన్న పగులు అలా బయటపడటం జరుగుతూనే ఉంటుంది.

జవాబు రాకపోతే

ఎన్నో ప్రశ్నలు మొదటి జవాబుతోనే ఆగిపోతాయి. అవతలివారు మళ్లీ రాయరు. అందువల్ల మొదటి జవాబు విడిగా నిలబడేలా ఉండాలి. అందులో “కవర్ అవుతుంది” అన్న మాట ఎక్కడా షరతు లేకుండా ఉండకూడదు, ఎందుకంటే ఆ ఒక్క ముక్కే మిగతా కుటుంబ సభ్యులకు ఫార్వర్డ్ అవుతుంది. మీరు చూసిన పాలసీ నంబరు, వర్డింగ్ పేజీలు, అందని పేజీలు ఉంటే వాటి సంగతి, మీరు చూసిన తేదీ జవాబు చివర రాయండి. ఒక ఏడాది తర్వాత రెన్యువల్‌లో షరతులు మారిన కొత్త పాలసీతో అదే ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు, పాత జవాబును ఏ కాగితం చూసి ఇచ్చారో ఆ వరుసే చెబుతుంది.